కొన్నవాడికే అమ్మబోయాను

మార్కాపురంలో పలకరాయి టైల్స్ తయారుచేసే ఒక యూనిట్‌కి ఆన్‌లైన్ ప్రకటనలు నడిపేది నేనే. పలకా బలపం వెనకబడి నోటుపుస్తకాలు ముందుకొచ్చాక మా ఊరి రాయి బడి వదిలి గోడెక్కింది. అదే రాయిని పొరలుగా చీల్చి, అంచులు కోసి, ఇంటి ముందు గోడకీ గేటు స్తంభాలకీ అతికించే టైల్‌గా ఊరూరికీ పంపుతున్నారు. కొనేవాళ్లలో చాలామంది మార్కాపురం ముఖం కూడా చూడరు. ఫోన్‌లో మా సైట్ చూస్తారు, వాట్సాప్‌లో ఇంటి ఫొటో పంపి చదరపు అడుగు ఎంతని అడుగుతారు, బేరమాడతారు, అడ్వాన్స్ వేస్తారు, సరుకు లారీలో దిగుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో సైట్‌కి తెలిసేది మొదటి మెట్టు ఒక్కటే. బేరం కుదిరిందా లేదా అన్నది దానికి ఎప్పటికీ తెలియదు. ఇంత మామూలు సంగతి తట్టక నేను వెలగబెట్టిన నిర్వాకమే ఇప్పుడు చెప్పబోయేది. ఒకసారి తప్పు చేసి ఊరుకున్నా బాగుండేది. దిద్దబోయిన ప్రతిసారీ ఇంకో తెలివితక్కువ పని చేశాను.

మొదట్లో యజమాని ఒక్కటే మాట అన్నాడు. "తమ్ముడూ, మన సైట్ చూసి వెళ్లినోళ్లను ఊరికే వదలమాక." నేను వదలలేదు.

సైట్ చూసి వెళ్లినవాళ్లకు మళ్లీ మన ప్రకటన చూపించడాన్ని రీటార్గెటింగ్ అంటారు. చేసేది పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. సైట్‌లో చిన్న కోడ్ ముక్క పెడతాం. ఎవరు వచ్చినా వాళ్ల బ్రౌజర్ ఒక జాబితాలో చేరుతుంది. ఆ తర్వాత వాళ్లు వార్తలు చదువుతున్నా, క్రికెట్ స్కోరు చూస్తున్నా పక్కనే మన టైల్స్ కనిపిస్తాయి. మనం నిర్ణయించాల్సినవి ముఖ్యంగా రెండు. ఒక మనిషిని ఆ జాబితాలో ఎన్ని రోజులు ఉంచాలి? ఆ రోజుల్లో ఎన్నిసార్లు కనిపించాలి? మొదటిది గడువు, రెండోది హద్దు.

గడువు గూగుల్‌లో Membership duration అనే గళ్లో పడుతుంది. మామూలుగా అక్కడ 30 అని ఉంటుంది. డిస్‌ప్లే ప్రకటనలకు 540 దాకా పెంచుకోవచ్చు. నేను 540 కొట్టాను. ఇల్లు కట్టడానికి ఏడాదిన్నర పడుతుంది కదా, అన్ని రోజులూ కస్టమర్ వెంటే ఉంటే గోడ దాకా వచ్చేసరికి మన పేరే గుర్తొస్తుందని లెక్క వేసుకున్నాను. చూడటానికి చాలా ఆలోచించి చేసినట్టే ఉండేది. ఎన్నిసార్లు చూపించాలన్నది గూగుల్‌కే వదిలేశాను. రోజుకు 500 రూపాయల బడ్జెట్ పెట్టాను. ఆ 500 ఎక్కడినుంచి వచ్చిందంటే, యజమాని నోటికి తేలిగ్గా వచ్చిన అంకె అది. జాబితాలో ఎంతమంది ఉన్నారో, ఆ డబ్బుకి ఒక్కొక్కరికి ఎన్నిసార్లు కనిపిస్తామో నేను లెక్క చూడలేదు.

ఆ లెక్క ఇప్పుడు రౌండు అంకెల్లో చూడండి. జాబితాలో 500 మంది ఉన్నారనుకుందాం. వెయ్యిసార్లు చూపడానికి 50 రూపాయలు అవుతుందనుకుందాం. 500 రూపాయలకు రోజుకు 10,000 సార్లు చూపించవచ్చు. దాన్ని 500 మందికి పంచితే తలకు 20. రోజుకు 20 సార్లు! అదీ సగటే. ఫోన్ పెద్దగా ముట్టనివాడికి రెండో మూడో పడితే, రిటైరై ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చున్నాయనకు 50 పడతాయి. కొత్తవాళ్లను వెతికే ప్రకటనలకు డబ్బు పెంచితే కొత్త ముఖాలు దొరుకుతాయి. రీటార్గెటింగ్‌లో ముఖాలు పెరగవు. జాబితా గిరిగీసినట్టు ఉంటుంది కాబట్టి పెంచిన ప్రతి రూపాయీ అదే మనిషి నెత్తిన పడుతుంది.

ఆ రిటైరైనాయన ఊహించి చెప్పినవాడు కాదు. గిద్దలూరులో ఇల్లు కట్టుకున్న ఒక మాస్టారు. ముందు గోడకు మా దగ్గరే మల్టీ కలర్ టైల్ తీసుకున్నారు. బేరం కుదిరింది ఫోన్‌లోనే. సరుకు దిగింది, మేస్త్రి అతికించాడు, గృహప్రవేశం కూడా అయిపోయింది. అప్పుడు మొదలైంది ఫోన్.

"ఏం అబ్బాయ్, మీ రాయి గోడకే అతికించమన్నాను గానీ నా ఫోన్‌కి కూడానా? పంచాంగం యాప్‌లో రాహుకాలం చూడబోతే మీ టైల్సే. మనవరాలు గేమ్ ఆడుకుంటుంటే మధ్యలో మీ టైల్సే. కొన్నానా, డబ్బులిచ్చానా, ఇంకేం కావాలి మీకు? పెళ్లయిపోయిన ఇంటికి రోజూ సంబంధం పట్టుకొచ్చే పేరయ్య లాగా ఉన్నావే!"

నేను నవ్వాను. "మాస్టారూ, అది కంప్యూటర్ చేసేది, మా చేతిలో ఏమీ ఉండదు" అన్నాను. అబద్ధం. ఉన్నదంతా నా చేతిలోనే ఉంది.

ఆయన ఇంకో మాట కూడా అన్నారు. అప్పుడు దాన్ని ముసలాయన చాదస్తం కింద కొట్టేశాను. "దాని మూల గుణకారం గుర్తొకటి ఉంటుంది కదా, అది నొక్కితే పోతుందేమోనని నొక్కితే మీ అంగడే తెరుచుకుంటది." నా తప్పులో సగం ఆ ఒక్క వాక్యంలో ఉంది. జాబితాలో 540 రోజుల గడువు ఎప్పటినుంచి మొదలవుతుంది? మొదటిసారి సైట్‌కి వచ్చిన రోజునుంచి కాదు, చివరిసారి వచ్చిన రోజునుంచి. సైట్ తెరుచుకున్న ప్రతిసారీ ఆ గడియారం సున్నాకి వెళ్లి మళ్లీ మొదలవుతుంది. మాస్టారు ప్రకటన మూయబోయి వేలు పక్కన పడితే సైట్ తెరుచుకునేది. తెరుచుకోగానే ఆయనకు ఇంకో 540 రోజులు. నన్ను వదిలించుకోవడానికి ఆయన చేసిన ప్రతి ప్రయత్నమూ నాకు ఆయనను కొత్తగా రాసిచ్చేది. పైగా గూగుల్ నాకు క్లిక్ కింద ఆ తప్పు నొక్కుడుకి కూడా డబ్బు లాగేది, రిపోర్ట్‌లో క్లిక్‌లు బాగున్నాయని నేను మురిసిపోయేవాణ్ని.

నిజానికి ఇది పట్టుకోవడం కష్టమేమీ కాదు. ప్రకటనలు ఎక్కడెక్కడ కనిపించాయో చూపే పట్టిక ఒకటి ఉంటుంది. అందులో పిల్లల గేమ్‌లూ టార్చిలైట్ యాప్‌లూ పైవరసలో ఉండి, అక్కడినుంచి వచ్చినవాళ్లు సైట్‌లో రెండు మూడు సెకన్లు కూడా నిలవకుండా వెళ్లిపోతుంటే, అవి నొక్కుళ్లు కావు, వేలు జారడాలు. ఆ పట్టిక తెరవాలన్న బుద్ధి నాకు చాలా ఆలస్యంగా పుట్టింది.

మాస్టారి ఫోన్ తర్వాత నా మొదటి మరమ్మతు, రోజుకు మూడుసార్లకు మించి చూపకూడదని హద్దు పెట్టడం. మూడు అనేది మర్యాదగా వినిపించే అంకె. కానీ నెలకు అది 90. 540 రోజుల జాబితా మీద ఆ హద్దు పెట్టినవాడికి, ఒక మనిషికి ఏడాదిన్నరలో పదహారు వందల సార్లు టైల్స్ చూపించే హక్కు ఉన్నట్టే. అదీ ఒక్క క్యాంపెయిన్‌కి. నేను పెట్టుకున్న హద్దు ఆ క్యాంపెయిన్ వరకే. నేను నడిపేవి ఒక రంగుకి ఒకటి చొప్పున మూడు, కాబట్టి రోజుకు తొమ్మిది. ఫేస్‌బుక్‌లోనూ నడిపేవాణ్ని, దాని లెక్క వేరు. గూగుల్ ఎన్నిసార్లు చూపిందో ఫేస్‌బుక్‌కి తెలియదు, ఫేస్‌బుక్ సంగతి గూగుల్‌కి పట్టదు. రెండింటినీ కలిపి చూడాల్సినవాణ్ని నేనే, నేనేమో దేనికదే విడిగా చూసి రెండుచోట్లా తక్కువే ఉందని తృప్తిపడేవాణ్ని.

ఫేస్‌బుక్‌లో ఇంకో చిక్కు. అక్కడ గట్టి హద్దు పెట్టుకునే వీలు, జనానికి కనిపించడమే లక్ష్యంగా నడిపే రకంలో ఉంటుంది. ఏడు రోజులకు రెండుసార్లు అని అక్కడ రాసుకోవచ్చు. నేను వాడింది ఎంక్వయిరీలు తెచ్చే రకం. అందులో అలా హద్దు గీయలేం. బడ్జెట్ తగ్గించడం, గడువు కుదించడం, కొన్నవాళ్లను తీసేయడం, వీటితోనే అదుపు చేసుకోవాలి. అక్కడ Frequency అనే గడి ఒకటి ఉంది, ఒక్కొక్కరికి సగటున ఎన్నిసార్లు చూపామో అది చెబుతుంది. నేను రోజూ పొద్దున్నే టీ తాగుతూ నిన్నటి లెక్క చూసేవాణ్ని. 1.8 అని ఉండేది. "రెండుసార్లు కూడా లేదు, ఇంకేం" అనుకునేవాణ్ని. ఒకరోజు తేదీలు మార్చి నెల మొత్తం పెట్టి చూస్తే ఆ అంకె ముప్ఫై దాటింది. చూపించడం మారలేదు, నేను చూసే కిటికీ మారింది. ఒకరోజు లెక్కలో ప్రతి మనిషీ కొత్తవాడే. నెల లెక్కలో పెడితేగానీ రోజూ అదే మనిషి అని తెలియదు. రీటార్గెటింగ్‌లో నిన్నటి లెక్క చూడటం అంటే ఏమీ చూడకపోవడమే. వారానిది, నెలది పక్కపక్కన పెట్టుకోవాలి.

హద్దు పెట్టినా మాస్టారికి ఊరట దొరకలేదు. ఎందుకంటే ఆయన గొడవ ఎన్నిసార్లు అన్నది కాదు, అసలు ఎందుకు అన్నది. కొన్నవాడికి రోజుకు ఒక్కసారి చూపినా అది ఎక్కువే. నేను 20ని 3 చేసి ఉపకారం చేశాననుకున్నాను. ఆయనకు కావలసిన అంకె సున్నా.

ఆన్‌లైన్‌లో డబ్బు కట్టే దుకాణాలకు ఈ బాధ తక్కువ. డబ్బు కట్టగానే ధన్యవాదాల పేజీ తెరుచుకుంటుంది, ఆ పేజీ చూసినవాళ్లను జాబితానుంచి మినహాయిస్తే పని అయిపోతుంది. మాకు అలాంటి పేజీ లేదు. మా డబ్బు బ్యాంకులో పడుతుంది, రసీదు కాగితం మీద ఉంటుంది. అందుకని ఒక ఉపాయం పన్నాను. ఇప్పటికీ అది మంచి ఉపాయమేనని నా నమ్మకం. టైల్ అతికించే విధానం మీద సైట్‌లో ఒక పేజీ పెట్టించాను. గోడ ఎంత తడపాలి, జిగురు ఎంత మందం పూయాలి, ముక్కల మధ్య సందు ఎలా వదలాలి, ఆరాక పైపూత ఎప్పుడు వేయాలి, అన్నీ. లారీ బయల్దేరగానే గుమాస్తా ఆ లింకు కొన్నాయనకు వాట్సాప్ చేస్తాడు. ఇంకా కొననివాడికి ఆ లింకు వెళ్లదు కాబట్టి, ఆ పేజీ తెరిచినవాడు కొన్నవాడే. వాళ్లను జాబితానుంచి తీసేస్తే సరి. మాస్టారికి కూడా పంపించాను. ఆయన తెరిచారు. ప్రకటనలు ఆగాయి. నేను మీసం మెలేశాను.

నెల తిరిగేసరికి ఫోన్.

"ఏం అబ్బాయ్, సెలవలు అయిపోయినయ్యా? మళ్లీ వచ్చినావే."

ఈసారి నవ్వలేదు. కూర్చుని వెతికితే సిగ్గు వేసింది. కొన్నవాళ్ల జాబితా తయారుచేసేటప్పుడు రోజుల గడిని నేను ముట్టుకోలేదు. అందులో ముందే ఉన్న 30 అలాగే ఉండిపోయింది. చూసినవాళ్ల జాబితా 540. అంటే కొన్న మనిషిని నా లెక్క నెల రోజులు గుర్తుపెట్టుకుని, ముప్ఫై ఒకటో రోజున ఆయన కొన్న సంగతి మర్చిపోతుంది. చూసిన సంగతి మాత్రం ఇంకో పదిహేడు నెలలు మర్చిపోదు. అంతటితో అయిపోలేదు. టైల్ అతికించే పేజీ కూడా మా సైట్‌దే కాబట్టి అందులోనూ ఆ కోడ్ ఉంది. మాస్టారు దాన్ని తెరిచిన రోజున చూసినవాళ్ల జాబితాలో ఆయన గడియారం మళ్లీ సున్నానుంచి మొదలైంది. మినహాయించడానికి పంపిన లింకే ఆయనకు కొత్తగా 540 రోజులు రాసిపెట్టింది.

ఇంతకాలం నాకు అనుమానం ఎందుకు రాలేదంటే, రిపోర్ట్‌లు బ్రహ్మాండంగా ఉండేవి. అన్ని క్యాంపెయిన్‌లలోకీ రీటార్గెటింగే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఎంక్వయిరీలు తెస్తున్నట్టు కనిపించేది. యజమానికి అదే చూపించి శభాష్ అనిపించుకునేవాణ్ని. ఆ ఎంక్వయిరీ అంటే ఏమిటి? సైట్‌లో ఉన్న వాట్సాప్ బొమ్మ నొక్కడం. ప్రకటన చూసినవాడో నొక్కినవాడో కొద్దిరోజుల్లో ఆ బొమ్మ నొక్కితే ఆ ఘనత ప్రకటన ఖాతాలో పడుతుంది. ఫేస్‌బుక్‌లో మామూలుగా నొక్కినవాడికి ఏడు రోజులు, ఊరికే చూసినవాడికి ఒక రోజు గడువు ఇస్తారు. మొన్న సైట్ చూసి, ఇంట్లో మాట్లాడుకుని, ఎల్లుండి ఎలాగూ ఫోన్ చేద్దామనుకున్నవాడు కూడా మధ్యలో ఒకసారి ప్రకటన కంటపడితే చాలు, నేను తెచ్చినవాడే అయిపోతాడు.

ఎంక్వయిరీలు ఒక్కొక్కటీ తెరిచి గుమాస్తా ఫోన్‌లోని వాట్సాప్ సందేశాలతో పోల్చి చూశాను. ఒకచోట ఆగిపోయాను. గిద్దలూరు, సాయంత్రం, రీటార్గెటింగ్ ప్రకటన ద్వారా వచ్చిన ఎంక్వయిరీ. అవతల సందేశం ఏమిటంటే: "ఈ ప్రకటనలు ఆపండి." మాస్టారు తిట్టడానికి మా వాట్సాప్ బొమ్మ నొక్కితే దాన్ని నా ఖాతాలో విజయం కింద రాసుకున్నాను. ఇంకా ఇలాంటివే ఉన్నాయి. ఒకాయన నాలుగు టైల్స్ పగిలాయని రాశాడు, ఇంకొకాయన లారీ ఎక్కడుందని అడిగాడు. అందరూ కొన్నవాళ్లే, అందరూ నా ప్రకటనల ఘనతే.

అప్పుడు చదవాల్సింది చదివాను. మాకు చాలా దగ్గరైన సరుకు మీదే ఒక పరిశోధన ఉంది. నవదీప్ సహానీ, శ్రీధర్ నారాయణన్, కీర్తి కల్యాణం అనే ముగ్గురు అధ్యాపకులు బిల్డ్‌డైరెక్ట్ అనే సైట్‌తో కలిసి చేశారు. ఆ సైట్ అమ్మేది ఫ్లోరింగ్ లాంటి ఇంటి సామానే. 2019లో జర్నల్ ఆఫ్ మార్కెటింగ్ రీసెర్చ్‌లో వచ్చింది. చూసి వెళ్లినవాళ్లను లాటరీ తీసినట్టు విడదీసి కొందరికి ప్రకటనలు చూపించారు, కొందరికి చూపించలేదు. చూపించినవాళ్లు నాలుగు వారాల్లో సైట్‌కి తిరిగి రావడం 14.6 శాతం పెరిగింది. అంటే రీటార్గెటింగ్ పనిచేస్తుంది, కానీ తిరిగొచ్చినవాళ్లలో చూపించకపోయినా వచ్చేవాళ్లే ఎక్కువమంది. నా చెంప పగిలింది ఇంకో వాక్యం దగ్గర. మొదటి వారం ప్రకటనలు చేసిన మేలులో మూడో వంతు మొదటి రోజే జరిగిపోయింది. రోజులు గడిచేకొద్దీ ఫలితం తగ్గిపోతుంది. నేనేమో 540వ రోజు మీద ఆశ పెట్టుకున్నవాణ్ని.

కెనడా కంపెనీ లెక్క మార్కాపురానికి సరిపోతుందా అని ఎవరైనా అడగవచ్చు. నన్ను నేనూ అడిగాను. జవాబు గుమాస్తా దగ్గర ఉంది. మొదటి ఫోన్ ఎప్పుడొచ్చిందో, అడ్వాన్స్ ఎప్పుడు పడిందో పేరు పక్కనే తేదీలు వేసే పొడుగు పుస్తకం ఒకటి ఆయన డ్రాయర్‌లో ఉంటుంది. రెండు తేదీల మధ్య ఎన్ని రోజులో రాసుకుంటూ పోతే చాలావాటికి రెండు వారాలు దాటలేదు. ఇల్లు కట్టడానికి ఏడాదిన్నర పట్టొచ్చు గానీ, ముందు గోడకు ఏం అతికించాలన్న ప్రశ్న వచ్చేది ప్లాస్టరింగ్ అయ్యాకే. అప్పుడు మేస్త్రి తొందరపెడతాడు, పది రోజుల్లో తేలిపోతుంది. ఆ తర్వాత అతికింది మా రాయి అయినా వేరేవాళ్ల రాయి అయినా ఆ గోడకు మళ్లీ టైల్ అక్కర్లేదు. ఆలస్యంగా అడ్వాన్స్ వేసినవాళ్లూ ఉన్నారు. వాళ్ల పేర్ల పక్కన గుమాస్తా రాసుకున్నది చూస్తే, మేస్త్రి చెప్పాడనో, ఫలానా వాళ్ల ఇంట్లో చూశామనో ఉంది. ఆ పుస్తకం నాకు పదడుగుల దూరంలో ఉండగా నేను కంప్యూటర్‌లో జవాబు వెతికాను.

గడువు 14 రోజులకు దించాను. దించేముందు ఒక అతితెలివి కూడా చేశాను, అదీ చెప్పేస్తాను. మొదటి మూడు రోజులవాళ్లు ఒక జాబితా, నాలుగునుంచి ఏడు ఒకటి, ఎనిమిదినుంచి పద్నాలుగు ఒకటి, రంగుకొక్కటి విడిగా, ఇలా సన్నగా తరిగాను. పెద్ద కంపెనీలవాళ్లు అలాగే చేస్తారని విన్నాను. ప్రకటనలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. డిస్‌ప్లే ప్రకటన కదలాలంటే జాబితాలో గత 30 రోజుల్లో కనీసం 100 మంది ఉండాలి. మా బోటి యూనిట్‌కి మూడు రోజుల్లో ఒక రంగు చూసినవాళ్లు వంద మంది ఎక్కడినుంచి వస్తారు? అన్నీ కలిపి ఒకే జాబితా చేశాక కదిలింది. చిన్న దుకాణానికి గడువు ఎంత తగ్గించవచ్చో ఈ వందే నిర్ణయిస్తుంది.

ఇప్పుడు ఆ జాబితాలోకి ఎవరు పడితే వాళ్లు రారు. టైల్ పేజీ తెరిచి, కనీసం పది సెకన్లు నిలిచినవాళ్లే వస్తారు. వేలు జారి వచ్చినవాడు జాబితా గడప తొక్కలేడు. టైల్ అతికించే పేజీని అందులోంచి పూర్తిగా తప్పించాను. మొబైల్ యాప్‌లలో ప్రకటన కనిపించకుండా ఆపేశాను. మూడు క్యాంపెయిన్‌లు ఒకటయ్యాయి, దాని హద్దు వారానికి నాలుగు. రోజుకు ఒకటి అనకుండా వారానికి నాలుగు అనడంలో తేడా ఉంది. చూసి వెళ్లినవాడికి మొదటి రెండు రోజుల్లో రెండు మూడుసార్లు కనిపించినా ఫరవాలేదు, ఆ తర్వాత అక్కరలేదు. గూగుల్ ఈ నాలుగులో లెక్కవేసేది తెర మీదకు నిజంగా వచ్చినవే. ప్రకటనలో కనీసం సగం, కనీసం ఒక సెకను పాటు కనిపిస్తేనే ఒకటి కింద లెక్క.

కొన్నవాళ్ల జాబితాకు 540 రోజులు ఇచ్చాను. నేను మొదట్లో కొట్టిన 540 తప్పు అంకె కాదు, తప్పు జాబితాకు ఇచ్చాను. ఫేస్‌బుక్‌లో సైట్ చూసినవాళ్లను 180 రోజులకు మించి ఉంచుకోలేం. అందుకని అక్కడ కొన్నవాళ్ల ఫోన్ నంబర్లే జాబితాగా ఎక్కించి మినహాయించాలి. నంబర్ ముందు +91 తప్పనిసరి, లేకపోతే చాలా నంబర్లు జతపడవు. ఆ నంబర్లు మనవి కావు, కస్టమర్‌వి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది కూడా. అందుకే అడ్వాన్స్ తీసుకునేటప్పుడే గుమాస్తా ఒక మాట అడుగుతున్నాడు, "మీ నంబర్ ఫేస్‌బుక్‌కి ఇచ్చి ఇక ప్రకటనలు రాకుండా చేస్తాం, ఇవ్వమంటారా?" వద్దన్నవాళ్లు ఇంతవరకు నాకు కనపడలేదు.

ఇంత చేసినా నాలుగు అంటే కచ్చితంగా నాలుగే అని మాస్టారికి మాటివ్వలేను. హద్దు లెక్కపెట్టేది బ్రౌజర్‌ని, మనిషిని కాదు. ఒకే మనిషి ఫోన్‌లో నాలుగు, కంప్యూటర్‌లో నాలుగు చూడొచ్చు. బ్రౌజర్‌లో పాతవన్నీ తుడిచేస్తే లెక్క మొదటికొస్తుంది. కొన్నవాడు వేరే ఫోన్‌లో సైట్ చూస్తే అతను కొన్నాడని ఆ ఫోన్‌కి తెలియదు. తాతా మనవరాలూ ఒకే ఫోన్ వాడే ఇంట్లో ఎవరి వాటా ఎవరు చూశారో చెప్పడం ఎవరి తరమూ కాదు.

తర్వాత బడ్జెట్. 500 మందికి వారానికి నాలుగు అంటే 2,000 సార్లు. పైన చెప్పిన రేటుకే 100 రూపాయలు. వారానికి! రోజుకు 500 పెట్టిన చోట రోజుకు 15 చాలు. ఈ సంగతి యజమానికి చెప్పడానికి మాస్టారికి క్షమాపణ చెప్పినదానికంటే ఎక్కువ ధైర్యం కావలసి వచ్చింది. "అన్నా, రోజుకు పదిహేను చాలు" అంటే, "మరి ఇన్నాళ్లూ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మిగిలిన డబ్బులో కొంత, ఇల్లు కడుతున్న కొత్తవాళ్లకు మా రాయి చూపించడానికి పెట్టాం, మిగతాది ఆయన జేబులోనే ఉంది. అడ్వాన్స్‌లు పడటం మాత్రం మునుపటిలాగే ఉంది. పెరగలేదు, తగ్గలేదు.

మీ దుకాణానికో, మీ బంధువుల దుకాణానికో నాలాంటివాడు ఎవరైనా ఈ ప్రకటనలు నడుపుతుంటే ఒక్క పూట కూర్చోబెట్టి రెండు అంకెలు అడగండి. సైట్ చూసినవాళ్ల జాబితా ఎన్ని రోజులు? కొన్నవాళ్ల జాబితా ఎన్ని రోజులు? రెండోది మొదటిదానికంటే చిన్నదైతే అక్కడికక్కడే, మీ కళ్లముందే మార్పించండి. కొన్నవాళ్ల జాబితాయే లేదంటే, ఆ జాబితా తయారయ్యేదాకా ప్రకటనలు ఆపించండి.